బావి చేంతాడు సాగిపోతోంది: వెర్లే రోప్‌కి ఇటరేషన్లు ఎన్ని, స్టిఫ్‌నెస్ ఎంత?

కోనసీమ_కోడర్

అందరికీ నమస్కారం. ఒక చిన్న పల్లెటూరి గేమ్ చేస్తున్నాను, యూనిటీలో. అందులో బావి ఉంది, గిలక నుంచి చేంతాడు, చివర బొక్కెన. తాడు 8 మీటర్లు, 40 సెగ్మెంట్లు, ఒక్కోటి 20 సెంటీమీటర్లు. పైన పార్టికల్ పిన్ చేశాను, మిగతావి వెర్లే, ఫ్రేమ్‌కి 15 ఇటరేషన్లు, స్టిఫ్‌నెస్ 1. తాడు పార్టికల్ ఒక్కోటి 0.05 కిలోలు.

బొక్కెన ఖాళీగా ఉన్నంతసేపూ చూడ్డానికి బాగానే ఉంటుంది. నీళ్లు నింపి 10 కిలోలు చేశానో, తాడు రబ్బరులా సాగి దాదాపు మీటరున్నర కిందికి దిగిపోతుంది. ఇదంతా పీసీలో, 60 ఫ్రేముల దగ్గర. అదే బిల్డ్ నా ఫోన్‌లో 30 ఫ్రేముల మీద నడిస్తే బొక్కెన ఏకంగా బావి అడుగు దాటి భూమిలోకి పోతోంది. ఇటరేషన్లు 60కి పెంచితే పీసీలో ఫర్వాలేదు, ఫోన్‌లో మాత్రం సమస్య అలాగే ఉంది, పైగా వేడెక్కుతోంది. స్టిఫ్‌నెస్ ఇప్పటికే 1. ఇంకెక్కడ బిగించాలో అర్థం కావట్లేదు.

నిజాం_పిక్సెల్

స్టిఫ్‌నెస్ 1 దగ్గరే ఆగాలని ఎవరన్నారు బ్రో? 1.5 పెట్టి చూడు. నేను నా 2డీ గేమ్‌లో 1.6 పెట్టాను, తాడు టైట్‌గా నిలబడింది, ఇటరేషన్లు 6 చాలు. జనం ఊరికే భయపడతారు గానీ 2 లోపు ఎంత పెట్టినా పేలదు.

లైన్_బాబాయ్

నాకు గేముల గురించి పెద్దగా తెలియదు, మా అబ్బాయి చూపిస్తే ఈ చర్చ చదివాను. నేను విద్యుత్ లైన్ల పనిలో ఉన్నాను. తీగ ఎంత వేలాడుతుందో తెలుసుకోవడానికి మేం ఇన్ని తిప్పలు పడం. రెండు స్తంభాల మధ్య దూరం L, మీటరుకు బరువు w, తీగలో లాగుడు T అయితే మధ్యలో సాగ్ `w L² / (8 T)`. అంతే. ఇటరేషన్లు దేనికి?

కోనసీమ_కోడర్

@లైన్_బాబాయ్ గారూ, ధన్యవాదాలు అండీ, కానీ నాది రెండు కొసలూ కట్టిన తీగ కాదు. పైకొస మాత్రమే కట్టి ఉంది, కింద బొక్కెన ఊగుతుంది, గోడకి తగులుతుంది, ఆటగాడు లాగుతాడు. అది కదలాలి.

@నిజాం_పిక్సెల్ 1.5 పెట్టాను. నిజంగానే సాగుడు బాగా తగ్గింది! కానీ బొక్కెన బావి గోడకి తగలగానే తాడు మొత్తం గజగజా వణుకుతోంది. ఫోన్‌లో ఇంకా సాగుతూనే ఉంది.

తాబేలు_నడక

స్టిఫ్‌నెస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ తాడు ఎందుకు సాగుతోందో లెక్క వేద్దాం. ఇది బగ్ కాదు, మీరిచ్చిన అంకెలకి రావాల్సిన జవాబే వస్తోంది.

బొక్కెన ఒక్కదాన్నే చూడండి. 60 ఫ్రేముల దగ్గర గ్రావిటీ దాన్ని ఫ్రేముకి `g dt²`, అంటే 9.8 / 3600, సుమారు 2.7 మిల్లీమీటర్లు కిందికి దించుతుంది. బొక్కెన కదలకుండా వేలాడాలంటే మీ 15 ఇటరేషన్లూ కలిసి దాన్ని ప్రతి ఫ్రేములో సరిగ్గా ఆ 2.7 మిల్లీమీటర్లు పైకి తేవాలి. అక్కడ చిక్కు ఏంటంటే, బొక్కెన 10 కిలోలు, దాని పైనున్న పార్టికల్ 0.05, అంటే 200 రెట్లు తేడా. ఆఖరి సెగ్మెంట్‌లో ఎంత తప్పు ఉన్నా దాన్ని సరిచేసేటప్పుడు బొక్కెనకి దక్కేది 201వ వంతు మాత్రమే, మిగతాదంతా పై పార్టికల్ కిందికి జారడంలోనే పోతుంది. కాబట్టి 2.7 మిల్లీమీటర్ల సవరణ రావాలంటే 15 ఇటరేషన్లలో కనపడే తప్పుల మొత్తం 2.7 × 201, సుమారు 55 సెంటీమీటర్లు ఉండాలి. 15తో భాగిస్తే ఇటరేషన్‌కి 3.6 సెంటీమీటర్లు. అంటే ఆ 20 సెంటీమీటర్ల సెగ్మెంట్ ఎప్పుడూ 23.6 దగ్గర సాగి ఉంటేనే బొక్కెన నిలుస్తుంది.

పై సెగ్మెంట్లన్నీ అదే బరువు మోస్తున్నాయి గనక వాటిలోనూ ఇటరేషన్ అయ్యాక మిగిలేది దాదాపు అంతే. 40 సెగ్మెంట్లు × 3.6 = 1.45 మీటర్లు, తాడు సొంత బరువు కలిపితే 1.6. మీరు చెప్పిన మీటరున్నర అక్కడి నుంచి వచ్చిందే.

ఇక ఫోన్. 30 ఫ్రేములంటే dt రెట్టింపు, dt² నాలుగు రెట్లు. 1.6 కాస్తా 6.4 మీటర్లు. 8 మీటర్ల తాడు 14 మీటర్లయితే బొక్కెన భూమిలోకి పోక ఏం చేస్తుంది?

ఇందులో గమనించాల్సింది ఒకటే: ఇటరేషన్లు రెట్టింపు చేస్తే సాగుడు సగం అవుతుంది, dt సగం చేస్తే పావు అవుతుంది. ఖర్చు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఆ 15 ఇటరేషన్లను ఒక ఫ్రేములో వరసగా తిప్పకుండా, ఫ్రేమునే 15 ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్క ఇటరేషన్ ఇవ్వండి.

```csharp
float dt = (1f / 60f) / substeps;
float keep = Mathf.Pow(0.99f, 1f / substeps);
for (int s = 0; s < substeps; s++) {
    for (int i = 1; i < count; i++) {
        Vector3 v = (pos[i] - prev[i]) * keep;
        prev[i] = pos[i];
        pos[i] += v + gravity * (dt * dt);
    }
    SolveOnce();
}
```

15 సబ్‌స్టెప్పులతో గ్రావిటీ ఒక్కో అడుగులో దించేది 0.012 మిల్లీమీటర్లు. దానికి 201 కడితే 2.4 మిల్లీమీటర్లు, 40 సెగ్మెంట్లకి 10 సెంటీమీటర్ల చిల్లర. మీటరున్నర పోయి జానెడంత కూడా లేదు, చేసిన పని అంతే. 2019లో ఎన్విడియా వాళ్లు రాసిన పేపర్ సారాంశం కూడా ఇదే, ఇటరేషన్లు పెంచడం కంటే అడుగు చిన్నది చేయడం మేలని.

ఫ్రేమ్ రేటుతో ముడి కూడా తెంచేయండి. `Update`లో వచ్చిన సమయాన్ని కూడబెట్టి 1/60 నిండినప్పుడల్లా పై లూప్ నడపండి. ఫోన్ 30 మీద ఉంటే ఫ్రేముకి రెండుసార్లు నడుస్తుంది, తాడు పొడుగు మాత్రం రెండు చోట్లా ఒకటే ఉంటుంది.

నిజాం_పిక్సెల్

సరే అన్నా, లెక్క బాగుంది. కానీ నా 1.5 కూడా పని చేసింది కదా, కోనసీమ బ్రోనే చెప్పాడు.

తాబేలు_నడక

చేసింది, కాదనట్లేదు. మీరు చేసింది ఓవర్ రిలాక్సేషన్, అది పాత పద్ధతే, మంచిదే. తప్పును సరిచేసేటప్పుడు కావాలనే కాస్త దాటించి వదిలేస్తారు, ఆ దాటింది పక్క సెగ్మెంట్ లాగుడుతో సర్దుకుంటుంది. ఖాళీలో వేలాడే తాడుకి బాగా నడుస్తుంది. గోడ తగిలినప్పుడు ఆ పార్టికల్‌ని గోడ బయటికి తోస్తుంది, సెగ్మెంట్ లోపలికి ఒకటిన్నర రెట్లు లాగుతుంది, మళ్లీ గోడ తోస్తుంది. వెర్లేలో ఆ తోపులాటంతా వేగంగా మారుతుంది, ఎందుకంటే ఇక్కడ వేగం అంటే రెండు స్థానాల తేడానే. ఆ వణుకు అదే. మీ 2డీ గేమ్‌లో తాడు దేనికీ తగలదేమో, అందుకే మీకు కనపడి ఉండదు.

1 కంటే తక్కువ స్టిఫ్‌నెస్‌తో ఇంకో తలనొప్పి. 0.5 పెట్టారనుకోండి, ఒక్క సెగ్మెంట్ వరకే చూసినా 4 ఇటరేషన్ల తర్వాత తప్పులో పదహారో వంతు మిగులుతుంది, 15 తర్వాత ఏమీ మిగలదు. అంటే ఆ అంకె ఎంత మెత్తగా ఉండాలో చెప్పదు, ఇటరేషన్లతో కలిపితేనే దానికి అర్థం. ఒకసారి ట్యూన్ చేసి, తర్వాత పెర్ఫార్మెన్స్ కోసం ఇటరేషన్లు తగ్గిస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

ఇండీ_స్వప్న

నా గొడవ కొంచెం వేరు. నాది లాంతరు, 3 మీటర్ల తీగ, 12 సెగ్మెంట్లు. సబ్‌స్టెప్పులు 8 పెట్టగానే లాంతరు తేనెలో ఊగుతున్నట్టు ఊగి వెంటనే ఆగిపోతోంది. ముందు చాలాసేపు ఊగేది. సబ్‌స్టెప్పులు ఎనర్జీని తినేస్తాయా?

తాబేలు_నడక

తినవు. మీ కోడ్‌లో డ్యాంపింగ్ 0.99 అలాగే ఉంచారా? పైన నా కోడ్‌లో `keep` అనే లైను అందుకే ఉంది. సెకనుకి 60 సార్లు 0.99తో గుణిస్తే వేగంలో 55 శాతం మిగులుతుంది. 480 సార్లు గుణిస్తే 1 శాతం కూడా మిగలదు. 8 సబ్‌స్టెప్పులకి 0.99కి ఎనిమిదో మూలం, సుమారు 0.99874 వాడండి.

ఇండీ_స్వప్న

అవునండీ, 0.99 అలాగే ఉంది. మార్చాక సరిపోయింది. ఇప్పుడు ఇదివరకటి కంటే ఎక్కువసేపే ఊగుతోంది, అది మాత్రం ఎందుకో తెలీదు.

తాబేలు_నడక

తప్పు మిగిలిన సెగ్మెంట్లను సరిచేయడంలో కూడా కొంత శక్తి పోతుంది, పెద్ద అడుగులతో ఎక్కువ పోతుంది. అడుగు చిన్నదైతే ఆ నష్టం తగ్గుతుంది. 0.99 బదులు కొంచెం తక్కువ పెట్టుకోండి, లాంతరు చూసి మీ కంటికి నచ్చేదాకా.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

సబ్‌స్టెప్పుల మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి, దీన్ని పట్టుకోవడానికి నాకు చుక్కలు కనిపించాయి. తాడు ఊగి ఊగి నెమ్మదించి నిటారుగా ఆగాలి కదా, నాది ఓ పక్కకి వాలి గాల్లో అలాగే ఉండిపోయేది. అన్ని చోట్లా కాదు. మ్యాప్ మధ్యలో ఉన్న తాడు బాగానే ఉండేది, మ్యాప్ చివర ఉన్నదానికే ఈ రోగం.

చివరికి తేలింది ఫ్లోట్ ప్రెసిషన్ అని. ఆరిజిన్ నుంచి x 300 మీటర్ల దగ్గర 32 బిట్ ఫ్లోట్‌లో పక్కపక్క అంకెల మధ్య తేడా 0.03 మిల్లీమీటర్లు. కోనసీమ గారి 15 సబ్‌స్టెప్పుల్లో గ్రావిటీ అడుగుకి 0.012 మిల్లీమీటర్లు, వాలిన తాడులో పక్కకి లాగేది అందులో ఇంకా చిన్న భాగం. అంత చిన్న కదలికను 300కి కలిపితే రౌండింగ్‌లో సున్నా అయిపోతుంది. బొక్కెన లాంటి బరువైన పార్టికల్‌కే ముందు తగులుతుంది, దానికి వచ్చే సవరణలు మరీ చిన్నవి కాబట్టి.

మందు సులువే. `pos`, `prev` రెండూ గిలకను సున్నా అనుకుని లోకల్‌గా దాచండి, గీసేటప్పుడు మాత్రమే వరల్డ్ స్థానం కలపండి. 8 మీటర్ల లోపు అంకెల దగ్గర తేడా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు.

కోనసీమ_కోడర్

@తాబేలు_నడక గారూ, 15 సబ్‌స్టెప్పులు, ఒక్కో ఇటరేషన్, స్టిఫ్‌నెస్ 1. నింపిన బొక్కెన ఇప్పుడు 11 సెంటీమీటర్ల దాకా దిగుతోంది, మీ లెక్క దగ్గరగా ఉంది. ఫోన్‌లోనూ అంతే. లోకల్ స్థానాలు కూడా పెట్టేశాను, నా బావి ఊరి చివరే ఉంది మరి.

ఇంకో ప్రశ్న. అసలు చేంతాడు కొంచెం సాగాలి కదా, మరీ ఇనప కడ్డీలా ఉండకూడదు. బొక్కెన నీళ్ల నుంచి పైకి లేచేటప్పుడు ఒక చిన్న జర్క్ కావాలి. 8 సెంటీమీటర్లు సాగాలనుకుంటే ఏ అంకె మార్చాలి?

తాబేలు_నడక

దానికి స్టిఫ్‌నెస్ అనే గుణకాన్ని తీసేసి కంప్లయెన్స్‌కి మారండి, ఎక్స్‌పీబీడీ అంటారు, 2016 నాటి పద్ధతి. సబ్‌స్టెప్‌కి ఒక్క ఇటరేషన్ చేస్తున్నారు గనక మీ కోడ్‌లో మారేది భాగహారంలో ఒక్క పదమే:

```csharp
float a = compliance / (dt * dt);
float c = dist - rest;
float lambda = -c / (w1 + w2 + a);
```

ఇక్కడ `w` నిజమైన కిలోలకి విలోమం ఉండాలి. తాడు పార్టికల్‌కి 1 / 0.05 = 20, బొక్కెనకి 0.1.

ఇప్పుడు మీ 8 సెంటీమీటర్లు. బొక్కెన లాగుడు 98 న్యూటన్లు. 40 సెగ్మెంట్లు పంచుకుంటే ఒక్కోటి 2 మిల్లీమీటర్లు సాగాలి. 0.002 / 98, అంటే కంప్లయెన్స్ సుమారు 0.00002. dt 1/900 కాబట్టి `a` విలువ 16.5 వస్తుంది, `w1 + w2` 40 అవుతుంది.

ఆగండి, దీన్ని అలాగే పెట్టేయకండి. మీ సాల్వర్ కంప్లయెన్స్ సున్నా దగ్గరే 11 సెంటీమీటర్లు సాగుతోంది, మీరడిగేది 8. సాల్వర్ తన వంతు సాగుడు ఎలాగూ కలుపుతుంది, దానికంటే బిగుతైన తాడు దాని దగ్గర దొరకదు. `a` కంటే `w1 + w2` పెద్దదిగా ఉందంటే ఆ సంగతే చెబుతున్నట్టు, తాడు మెత్తదనంలో ఎక్కువ భాగం మీరు పెట్టింది కాదు, సాల్వర్ పెట్టింది. ముందు ఆ 11ని తగ్గించాలి.

తేలిక దారి సెగ్మెంట్లు తగ్గించడం. 20 సెగ్మెంట్లు, ఒక్కోటి 40 సెంటీమీటర్లు చేయండి. తాడు మొత్తం బరువు అదే ఉంచితే పార్టికల్ 0.1 కిలో అవుతుంది, బొక్కెనతో తేడా 200 నుంచి 100కి దిగుతుంది, సాగే సెగ్మెంట్లు కూడా సగం. రెండూ కలిసి పావు వంతు, అంటే 3 సెంటీమీటర్ల లోపు. మీద కర్వ్ గీసుకుంటే 20 పాయింట్లని ఎవరూ గుర్తుపట్టరు. ఆ మిగిలిన 5 సెంటీమీటర్లు కంప్లయెన్స్‌తో పెట్టండి: 20 సెగ్మెంట్లకి ఒక్కోటి 2.5 మిల్లీమీటర్లు, 98తో భాగిస్తే 0.000025. పోస్టు కూడా చేంతాడంత అయింది, ఇక్కడితో ఆపుతా.

వైజాగ్_వీఎఫ్ఎక్స్

ఇంత లెక్క ఎందుకండీ, గిలక నుంచి బొక్కెన దూరం 8.08 మీటర్లు దాటితే వెనక్కి లాగేసే కన్‌స్ట్రెయింట్ ఒక్కటి పెట్టండి. ప్రతి పార్టికల్‌కి అలాగే, పిన్ నుంచి దాని వంతు పొడుగు దాటకూడదని. ఇటరేషన్లు 4 చాలు, ఫోన్ చల్లగా ఉంటుంది. బట్టల సిమ్యులేషన్‌లో 2012 నుంచీ ఇదే చేస్తున్నారు.

తాబేలు_నడక

అది మంచి ఉపాయమే, పొడుగు ఖచ్చితంగా ఆగుతుంది. నాకు నచ్చనిది ఒకటే, అప్పుడు బరువును మోసేది ఆ అదృశ్య కన్‌స్ట్రెయింట్, మధ్యలో తాడు కాదు. ఆటగాడు తాడును చేత్తో పక్కకి లాగితే నిండు బొక్కెన వేలాడే తాడులా బిగుతుగా అనిపించదు, వదులు తాడులా కదులుతుంది. చూడ్డానికే అయితే మీ పద్ధతే చవక.

వైజాగ్_వీఎఫ్ఎక్స్

ఆటగాడు గిలక దగ్గర చేద తోడతాడు గానీ మధ్యలో తాడు పట్టుకుని ఎందుకు లాగుతాడు? ఎవరూ చూడని ఫిజిక్స్‌కి బ్యాటరీ ఖర్చు పెట్టడం నాకు నచ్చదు. నా గేమ్‌లో ఇలాంటి తాళ్లు ఇరవై పైనే ఉన్నాయి, వాటన్నిటికీ 15 సబ్‌స్టెప్పులంటే కుదిరే పని కాదు.

లైన్_బాబాయ్

మరి ఆ ఇరవైలో కదలనివి ఎన్ని బాబూ? స్తంభాల మధ్య ఊరికే వేలాడే తీగలైతే నేను చెప్పిన సూత్రం పెట్టి గీత గీసేయొచ్చుగా.

వైజాగ్_వీఎఫ్ఎక్స్

హహ, బాబాయ్ గారి మాట నిజమే. కరెంటు తీగలు, బట్టల దండేలు అన్నీ ఊరికే సిమ్యులేట్ చేస్తున్నాను. అవి పారాబోలా చేసేస్తా, గాలికి కొద్దిగా సైన్ వేవ్ కలిపితే చాలు.

కోనసీమ_కోడర్

20 సెగ్మెంట్లు, కంప్లయెన్స్ 0.000025 పెట్టాను. బొక్కెన నీళ్లలోంచి లేచేటప్పుడు నేననుకున్న జర్క్ వచ్చింది, పీసీ, ఫోన్ రెండింట్లోనూ ఒకేలా.

ఇప్పుడు తోడటం దగ్గర ఆగాను. గిలక తిప్పుతుంటే పై సెగ్మెంట్ `rest` తగ్గిస్తున్నాను, అది 5 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే దాని కింది పార్టికల్ తీసేసి తర్వాతి దాన్ని గిలకకి కలుపుతున్నాను. పైకి లాగేటప్పుడు బాగానే ఉంది. కిందికి వదిలేటప్పుడు కొత్త పార్టికల్ పుట్టగానే తాడు టప్‌మని ఎగురుతోంది.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

కొత్తదానికి `prev` ఏం పెట్టారు? సున్నా వదిలేస్తే అది గిలక నుంచి ఊడిపడ్డంత వేగంతో పుడుతుంది. `pos` ఎంతో `prev` అంతే పెట్టండి, ఇంకా మంచిది కింది పార్టికల్ వేగాన్ని తీసుకుని `prev[1] = pos[1] - (pos[2] - prev[2])`.

కోనసీమ_కోడర్

కింది దాని వేగమే ఇచ్చాను, ఎగరడం చాలా తగ్గింది. కానీ నిండు బొక్కెనతో ఇంకా సన్నగా ఒక కుదుపు మిగిలింది, ఖాళీ బొక్కెనతో రాదు. `rest` 5 సెంటీమీటర్లున్న ఆ పొట్టి సెగ్మెంట్‌కి కూడా మిగతా వాటి కంప్లయెన్సే ఉంది, పొడుగును బట్టి దాన్ని తగ్గించాలా?

తాబేలు_నడక

తగ్గించాలి, 5 సెంటీమీటర్ల తాడు 40 సెంటీమీటర్ల తాడు సాగేదాంట్లో ఎనిమిదో వంతే సాగాలి. అది సరిచేసినా కుదుపు పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను. ఆ పార్టికల్ పుట్టే ముందు పై సెగ్మెంట్ ఎంత సాగి ఉందో, పుట్టాక రెండు ముక్కల్లో మొత్తం ఎంత సాగుందో రెండూ లాగ్ చేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.